మురికివాడలు, గృహ విధానం: బేరీజు వేసే వ్యాఖ్యలతో గ్రంథసూచి తయారుచేయడం – తరచుగా అడిగే ప్రశ్నలు

పట్టణ అధ్యయనాల్లో పరిశోధన మొదలుపెట్టిన విద్యార్థుల గ్రంథసూచులను కొన్నేళ్లుగా చదివి దిద్దుతున్నాను. ప్రతి మూలం కింద ఒక పేరా వ్యాఖ్య ఉండాలి, ఆ వ్యాఖ్య మూలాన్ని పరిచయం చేసి ఊరుకోకుండా దాని విలువ తేల్చాలి అన్నది షరతు. వాళ్లు అడిగే ప్రశ్నల్లో ఎక్కువసార్లు వచ్చేవి ఇక్కడ ఉన్నాయి. ఉదాహరణలు దాదాపు అన్నీ ఒకే వివాదం చుట్టూ తిరుగుతాయి. పేదల వాడను ఉన్నచోటే బాగుచేయాలా, ఊరి చివర కొత్త ఇళ్లు కట్టించి వాళ్లను తరలించాలా అన్నదే ఆ వివాదం.

పరిచయం చేసే వ్యాఖ్యకూ, బేరీజు వేసే వ్యాఖ్యకూ తేడా ఏమిటి?

మొదటిది మూలంలో ఏముందో చెబుతుంది. రెండోది ఆ మాటను ఎందుకు నమ్మవచ్చో, ఎంతవరకు నమ్మవచ్చో, ఏ పనికి వాడకూడదో చెబుతుంది. ఒకే వ్యాసానికి రెండు రకాల వ్యాఖ్యలూ రాసి చూస్తే తేడా తెలుస్తుంది.

అహ్మదాబాద్‌లో 1987లో ఒక గృహ పథకం లాటరీ తీసింది. దాని ఫలితాలపై బార్న్‌హార్ట్, ఫీల్డ్, పాండే అనే ముగ్గురు ఆర్థికవేత్తల వ్యాసం 2017లో వచ్చింది. దానికి ఒక విద్యార్థి మొదట రాసిన వ్యాఖ్య దాదాపు ఇలా ఉండేది: "అహ్మదాబాద్ మురికివాడల మహిళలకు లాటరీ ద్వారా దక్కిన ఇళ్ల ప్రభావాన్ని ఈ వ్యాసం పరిశీలించింది. ఇళ్ల నాణ్యత పెరిగినా ఆదాయం పెరగలేదని, కుటుంబాలు తమవారికి దూరమయ్యాయని రచయితలు తేల్చారు. గృహ విధానంపై ఆసక్తి ఉన్నవారికి ఇది ఉపయోగకరమైన వ్యాసం."

ఇందులో తప్పు ఒక్కటీ లేదు. కానీ సారాంశం చదివిన ఎవరైనా ఇది రాయగలరు. చివరి వాక్యాన్ని ఏ వ్యాసం కింద పెట్టినా అతుకుతుంది. అదే విద్యార్థి వ్యాసమంతా చదివాక, రెండు వారాల తర్వాత రాసినది ఇది:

"497 మంది దరఖాస్తుదారుల్లో 110 మందికి ఇల్లు దక్కింది. ఎవరికి దక్కాలో లాటరీయే నిర్ణయించింది కాబట్టి, గెలిచినవారికీ ఓడినవారికీ మధ్య కనిపించే తేడా ఇంటి కేటాయింపు వల్లే వచ్చిందని రచయితలు ధైర్యంగా చెప్పగలిగారు. తరలింపు సాహిత్యంలో ఇలాంటి పోలిక చాలా అరుదు. పద్నాలుగేళ్ల తర్వాతి పరిస్థితిని చూడడం రెండో బలం. అయితే గెలిచినవారిలో 34 శాతం ఆ ఇళ్లలో చేరనే లేదు, మరో 32 శాతం చేరి వెళ్లిపోయారు. అందువల్ల ఇక్కడి సగటు ఫలితం శివారు ఇంట్లో బతకడం వల్ల కలిగినది కాదు, శివారులో ఇల్లు ఇస్తామనడం వల్ల కలిగినది. పైగా వీళ్లు కోరి దరఖాస్తు పెట్టుకున్న మహిళలు, ఒకే కార్మిక సంఘం సభ్యులు. బుల్డోజర్ వచ్చి తరలించిన కుటుంబాలకు ఈ ఫలితాన్ని నేరుగా అన్వయించకూడదు. నా పరిశోధనలో దీన్ని ఆదాయం గురించి కాక, ఇల్లు వదిలి వెళ్లిపోవడం గురించిన ఆధారంగా వాడతాను."

రెండో వ్యాఖ్య నిడివి ఎక్కువే. అయినా అందులో ప్రతి వాక్యం ఒక నిర్ణయం. ముఖ్యంగా 34, 32 అనే అంకెలు రెండు వ్యాఖ్యలు రాసేటప్పుడూ విద్యార్థి కళ్ల ముందే ఉన్నాయి, అవి వ్యాసం సారాంశంలోనే ఉన్నాయి. మొదటిసారి వాటిని దాటిపోయాడు. మూడింట ఒక వంతు మందే నిలిచిన పథకాన్ని 'ఇళ్ల నాణ్యత పెరిగింది' అన్న ముక్కతో ముగించడం ఎంత పొరపాటో రెండోసారి అర్థమైంది.

ఎన్ని మూలాలు ఉండాలి? ఏవి ఉండాలో ఎలా నిర్ణయించాలి?

ఒక వ్యాసానికి ముందు చేసే గ్రంథసూచికి పదిహేను, ఇరవై చాలు. 'మురికివాడలు' అన్న మాటతో వెతకడం మొదలుపెడితే వేలల్లో వస్తాయి. అప్పుడు మొదట దొరికినవే గ్రంథసూచిలో కూర్చుంటాయి. వెతకడానికి ముందే రెండు వాక్యాల నియమం రాసి పెట్టుకోండి. ఉదాహరణకు: "భారతీయ నగరాల్లో తరలింపు, ఉన్నచోటే మెరుగుదల – ఈ రెంటిలో కనీసం ఒకదాని ఫలితాన్ని నేల మీద పరిశీలించిన రచనలు. ఇతర దేశాల రచన అయితే భారతీయ చర్చను మలుపు తిప్పినది మాత్రమే."

తర్వాత జాబితాను ఒకసారి పక్షాలవారీగా చూడండి. తరలింపును సమర్థించేవారు, ఖండించేవారు, పథకానికి డబ్బిచ్చినవారు, పథకం కింద బతికినవారి మాటలు నమోదు చేసినవారు – నలుగురూ ఉన్నారా? ఇరవై మూలాలూ ఒకే మాట అంటుంటే బేరీజు వేయడానికి తూనికరాయే ఉండదు.

ఒక మూలంలో 17 శాతం అని ఉంటుంది, ఇంకో మూలంలో అంతకు రెట్టింపు. ఏది సరైనది?

ఈ రంగంలో ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. 'మురికివాడ' అనే మాట అన్ని మూలాల్లోనూ ఒకటే, లెక్కించిన వస్తువు మాత్రం వేరువేరు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో మురికివాడల జనాభా సుమారు 6.55 కోట్లు, అంటే పట్టణ జనాభాలో 17.4 శాతం. జనాభా లెక్కలవారు మూడు రకాల వాడలను లెక్కలోకి తీసుకున్నారు: చట్టం కింద నోటిఫై చేసినవి, నోటిఫై చేయకపోయినా ప్రభుత్వమో స్థానిక సంస్థో గుర్తించినవి, గణకులు స్వయంగా గుర్తించినవి. మూడో రకానికి కనీసం 300 మంది జనాభా గానీ, 60–70 కుటుంబాలు గానీ ఒకేచోట ఉండాలి. జాతీయ నమూనా సర్వే సంస్థకు 20 కుటుంబాలుంటే చాలు. కాలువ గట్టున నలభై గుడిసెలున్న వాడ నోటిఫై కాలేదు, ప్రభుత్వమో స్థానిక సంస్థో గుర్తించనూ లేదనుకోండి. నమూనా సర్వే దృష్టిలో అది మురికివాడ, జనాభా లెక్కల దృష్టిలో కాదు.

ఐక్యరాజ్యసమితి ఆవాస సంస్థ దారి పూర్తిగా వేరు. అది వాడను కాదు, ఇంటిని చూస్తుంది. మంచినీరు, మరుగుదొడ్డి, గట్టి కట్టడం, గదికి ముగ్గురికి మించని నివాసం, ఖాళీ చేయిస్తారన్న భయం లేకపోవడం – ఈ ఐదింటిలో ఏ ఒక్కటి లేకపోయినా అది మురికివాడ కుటుంబమే. ఈ లెక్కలో మామూలు కాలనీలోని ఇరుకు గది లోపలికి వస్తుంది, మురికివాడలో ఉన్న పక్కా ఇల్లు బయటికి పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఐదోదైన భద్రతకు పోల్చదగిన గణాంకాలు దొరకక ఆచరణలో దాన్ని చాలావరకు పక్కన పెట్టి నాలుగింటితోనే లెక్కలు వేశారు. గృహ విధానం గురించిన చర్చ అంతా ఆ ఐదో దాని చుట్టూనే తిరుగుతుంది. ఆ సంస్థ 2003 నివేదిక 2001 నాటికి ప్రపంచంలో 92.4 కోట్ల మంది మురికివాడల్లో ఉన్నారని చెప్పింది. తర్వాత వచ్చిన ఎన్నో పుస్తకాలు ఆ అంకెను ఎత్తి రాసుకున్నాయి. మీరు వ్యాఖ్య రాసే పుస్తకంలో ఆ అంకె కనిపిస్తే, అది భద్రతను కలపకుండా వేసిన లెక్క అన్న ముక్క రచయిత చెప్పారా లేదా అన్నది మీ వ్యాఖ్యలో ఒక వాక్యం కావాలి.

తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ చెబుతాను. 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పట్టణ కుటుంబాల్లో 35.7 శాతం మురికివాడల్లో ఉన్నాయి. రాష్ట్రాలన్నిటిలో ఇదే ఎక్కువ. దీన్ని చూసి "మన పట్టణాలే అధ్వానం" అని రాసిన వ్యాఖ్యలు చాలా చదివాను. నోటిఫై చేసిన వాడ అయితే లెక్కలోకి తప్పక వస్తుంది. కాబట్టి ఎక్కువ వాడలను నోటిఫై చేసిన రాష్ట్రం శాతం పెరుగుతుంది, కళ్లు మూసుకున్న రాష్ట్రం శాతం తగ్గుతుంది. ఈ అంకెను వాడిన మూలం ఈ సంగతి ప్రస్తావించిందో లేదో చూడండి. ప్రస్తావించకుండా రాష్ట్రాలను పోల్చి ఉంటే, ఆ పోలిక మీద కట్టిన వాదనను బలహీనమని రాయడానికి సంకోచించనక్కర్లేదు.

అంకె పుట్టుక వెతకడం ఎంత అవసరమో నైరోబీ చెబుతుంది. అక్కడి కిబెరా మురికివాడలో పది లక్షల మంది ఉన్నారని ఏళ్ల తరబడి పత్రికలూ సంస్థలూ రాశాయి. 2009 కెన్యా జనాభా లెక్కల్లో తేలింది 1,70,070. జనాభా లెక్కలు కొంత తక్కువ పట్టి ఉండవచ్చు, అయినా ఇంత పెద్ద తేడాకు అదొక్కటే కారణం కాలేదు. ఒక మూలం పది లక్షలని రాసి కింద ఆధారం ఇవ్వకపోతే, అందులోని మిగతా అంకెలను కూడా ఒకసారి తడిమి చూడాల్సిందే.

'మురికివాడ' అని రాయవచ్చా? ఆ మాటే అవమానకరం కదా?

ఈ అభ్యంతరం సరైనది, దీని మీద సాహిత్యమూ ఉంది. ఆవాస సంస్థ 'మురికివాడలు లేని నగరాలు' అన్న నినాదాన్ని ఎత్తుకున్నాక, ఆ మాట తిరిగి రావడంతో వాడను తీసేయడమూ వాడలో ఉన్నవాళ్లను తీసేయడమూ కలగలిసిపోతాయని ఆలన్ గిల్బర్ట్ 2007లో ఒక వ్యాసంలో హెచ్చరించాడు. హైదరాబాద్‌లో 'బస్తీ' అంటారు, ఆ మాటలో మురికి లేదు. నేను విద్యార్థులకు చెప్పేది ఇది: మూలం ఏ మాట వాడిందో వ్యాఖ్యలో అదే రాయండి, మీ సొంత వాక్యంలో మీరు ఎంచుకున్న మాట వాడండి, రెంటినీ కలపకండి. అధికారిక లెక్క గురించి మాట్లాడేటప్పుడు నేను 'మురికివాడ' అంటాను, మనుషులు బతికే చోటు గురించి మాట్లాడేటప్పుడు 'బస్తీ' అంటాను.

వ్యాసాన్ని ఏ వరుసలో చదవాలి?

సారాంశాన్ని చివర చదవండి. ముందు చదివితే అందులోని వాక్యాలే మీ వ్యాఖ్యలోకి వచ్చేస్తాయి.

నేను మొదట పద్ధతి చెప్పిన భాగానికి వెళతాను: ఎవరిని అడిగారు, ఎంతమందిని, ఎప్పుడు, ఎవరు పరిచయం చేస్తే బస్తీలోకి వెళ్లారు? స్థానిక నాయకుడు వెంటబెట్టుకుని తిప్పిన సర్వేలో నాయకుడికి గిట్టని గుమ్మాలు రావు. తర్వాత మొదటి పట్టిక. ఆ పట్టికలో ఎవరు లెక్కలో ఉన్నారో, ఎవరు జారిపోయారో తెలుస్తుంది. తరలింపు అధ్యయనాల్లో ఈ జారిపోవడమే అసలు కథ. కొత్త కాలనీలో ఉన్నవారిని మాత్రమే అడిగి "90 శాతం సంతృప్తిగా ఉన్నారు" అంటే, నచ్చక వెళ్లిపోయినవాళ్లు అప్పటికే లెక్కలో లేరు. అద్దెకుండేవాళ్ల సంగతీ అంతే. తరలింపులో యజమానికి ఇల్లు వస్తుంది, అతని గదిలో అద్దెకున్న కుటుంబానికి ఏమీ రాదు, సర్వేలో అది కనిపించదు.

ఆ తర్వాత కృతజ్ఞతలు, నిధుల వివరాలు. చివరికి ముగింపు, సారాంశం. అప్పుడు సారాంశంలోని ధైర్యం, లోపలి ఆధారం సరితూగుతున్నాయా అన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది. జవాబు ఒక కాగితం ముక్క మీద రాసుకోండి. మీ వ్యాఖ్యకు వెన్నెముక అదే.

ఒకే పథకం గురించి రెండు మూలాలు పూర్తిగా వ్యతిరేకంగా చెబుతున్నాయి. వ్యాఖ్యలో ఏం రాయాలి?

అలాంటి జంట దొరకడం అదృష్టం. ఇందౌర్ సంగతి తీసుకుందాం.

బ్రిటిష్ సహాయ నిధులతో ఇందౌర్‌లో మురికివాడల మెరుగుదల పథకం నడిచింది. దానికి రూపమిచ్చిన ఇంజినీరు హిమాంశు పారిఖ్ ఆలోచన నిజంగా అందమైనది. పేదల వాడలు ఎక్కువగా నీరు సహజంగా పారే పల్లపు దారుల వెంబడే ఉంటాయి. కాబట్టి ఆ వాడల గుండా మురుగు గొట్టాలు వేస్తే ఖర్చు తగ్గి మొత్తం నగరానికే మురుగు వ్యవస్థ ఏర్పడుతుంది, వాడ నగరానికి అతుకుతుంది. ఈ పనికి 1998లో ఆగా ఖాన్ వాస్తుశిల్ప పురస్కారం వచ్చింది. రెండేళ్ల తర్వాత, 2000లో, పట్టణ ప్రణాళికా నిపుణురాలు గీతా దివాన్ వర్మ ఇది విజయమా, వైఫల్యమా అని శీర్షికలోనే ప్రశ్నిస్తూ ఒక వ్యాసం ప్రచురించారు. పురస్కారాలు పొగిడిన విజయం నేల మీద లేదన్నది ఆమె వాదన. 2001లో ఫిలిప్ ఏమిస్ వ్యాసం వచ్చింది. బ్రిటిష్ సహాయంతో భారతీయ నగరాల్లో నడిచిన ఇలాంటి పథకాల ప్రభావంపై జరిగిన అధ్యయనం ఆధారంగా ఆయన రాశారు. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడల్లో కూడా ఆ సహాయంతోనే బస్తీల మెరుగుదల పథకాలు నడిచాయి కాబట్టి తెలుగు విద్యార్థులు ఈ మూడు మూలాలనూ దగ్గరగా చదవాలి.

"వర్మ విమర్శించారు, ఇతరులు ప్రశంసించారు" అని రాస్తే అది వార్తాపత్రిక పని. బేరీజు వేయాలంటే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎప్పుడు చూశారు? కొత్త గొట్టం మొదటి ఏడాది బాగానే పారుతుంది, నిర్వహణ ఎవరిదో తేలని గొట్టం కొన్ని వానాకాలాల తర్వాత పూడిపోతుంది. ఏం కొలిచారు? వేసిన గొట్టం పొడవు ఒక కొలత, ఆ గొట్టానికి ఇంటి మరుగుదొడ్డిని కలిపిన కుటుంబాల సంఖ్య వేరే కొలత. రెండోది ఇంటివాళ్ల సొంత ఖర్చు మీద, వాళ్ల నిర్ణయం మీద ఆధారపడుతుంది. మెరుగుదల పథకాలు ఎక్కువగా విరిగేది ఆ ఆఖరి పది అడుగుల దగ్గరే. ఎవరి తరఫున చూశారు? పురస్కార పత్రాలు రూపకర్త మాట వింటాయి. ప్రభావ అధ్యయనం డబ్బిచ్చినవారి అవసరంలోంచి పుడుతుంది. స్వతంత్ర విమర్శకురాలికి ఆ బంధం లేదు, కానీ ఆమెకూ ఒక వాదన ఉంది.

ఈ ప్రశ్నలతో మూడు వ్యాఖ్యలూ ఒకదాన్నొకటి పలకరించేలా రాయండి. వర్మ వ్యాసం కింద ఇలాంటి వాక్యం ఉండాలి: "పురస్కార పత్రాలు గొట్టాలను లెక్కించిన చోట ఈ వ్యాసం వాటి పనితీరును ప్రశ్నించింది. అందువల్ల ఈ రెండూ ఒకే ప్రశ్నకు రెండు జవాబులు కావు, రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు." ఇద్దరిలో ఎవరు గెలిచారో తేల్చడం మీ బాధ్యత కాదు, ఎక్కడ వేరుపడ్డారో వేలు పెట్టి చూపడం మీ బాధ్యత.

పట్టాలిస్తే పేదరికం పోతుందన్న రచనలను ఎలా తూచాలి?

పేదల చేతిలో ఆస్తి ఉంది, కాగితం లేదు, కాగితం ఇస్తే దాని మీద అప్పు పుడుతుంది అన్న వాదనను పెరూ ఆర్థికవేత్త ఎర్నాండో డి సోటో 2000లో వచ్చిన తన పుస్తకంతో ప్రపంచమంతా వ్యాపింపజేశారు. ఆ పుస్తకం కింద మీ వ్యాఖ్యలో ఉండాల్సిన మొదటి మాట: ఇది ప్రతిపాదన, పరీక్ష కాదు. పరీక్షలు తర్వాత వచ్చాయి. ఎరికా ఫీల్డ్ 2007లో పెరూ నగరాల మీద రాసిన వ్యాసంలో, పట్టా వచ్చిన కుటుంబాలవారు ఇంటి బయట ఎక్కువ గంటలు పనిచేయగలిగారని చూపింది. ఇల్లు కాపలా కాసే అవసరం తగ్గడం దీనికి కారణం. గాలియానీ, షార్‌గ్రోడ్‌స్కీ 2010లో బ్యూనస్ ఎయిర్స్ శివారు మీద రాసిన వ్యాసంలో మరో రకం ఫలితం వచ్చింది. అక్కడ ఒకే కాలంలో ఆక్రమించిన స్థలంలో, కొందరు భూయజమానులు పరిహారం తీసుకుని స్థలం వదిలేశారు, కొందరు కోర్టుకెళ్లారు. దాంతో పక్కపక్క కుటుంబాల్లో కొన్నిటికే పట్టా దక్కింది. పట్టా దక్కినవాళ్లు ఇల్లు బాగుచేసుకున్నారు, పిల్లల చదువు మెరుగైంది, కానీ అప్పు దొరకడంలో పెద్ద తేడా రాలేదు, సంపాదన పెరగలేదు. డి సోటో చెప్పిన దారిలో కాకుండా వేరే దారిలో పట్టా పనిచేసిందన్నమాట. ఈ మూడింటికీ పక్కపక్కనే వ్యాఖ్యలు రాస్తే, మొదటి పుస్తకం బలమూ పరిమితీ విడిగా చెప్పనక్కర్లేకుండానే తెలుస్తాయి.

తెలుగు పాఠకుడు ఇక్కడ ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. ఆ వ్యాసాల్లో చెప్పినది అమ్ముకోగల పూర్తి హక్కు. మన దగ్గర 'పట్టా' అంటే చాలా సందర్భాల్లో ప్రభుత్వం కేటాయించిన ఇంటి స్థలం కాగితం. ఉమ్మడి రాష్ట్రంలో 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అలాంటి స్థలాల బదిలీని నిషేధించింది. రెండింటికీ ఒకే మాట వాడి, పెరూ ఫలితాన్ని మన బస్తీకి తగిలిస్తే వ్యాఖ్య తప్పవుతుంది.

ఒక బస్తీలో సర్వే చేస్తున్నప్పుడు ఒక పెద్దావిడ ట్రంకుపెట్టె అడుగు నుంచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన పట్టా తీసి నాకు చూపించారు. మడతల దగ్గర చిరిగితే వెనక టేపు అంటించి ఉంది. "దీని మీద ఎప్పుడైనా అప్పు తీసుకున్నారా అమ్మా?" అని అడిగాను. "దీన్ని బ్యాంకువాళ్లు ముట్టుకోరు నాయనా. కానీ ఇది ఉన్నంతకాలం నన్ను లెమ్మనేవాళ్లు లేరు" అన్నారు. ఆ ఒక్క జవాబు పరిశోధన ఫలితం కాదు. అయితే ఆ రోజు నుంచి పట్టా గురించిన ఏ వ్యాసం తెరిచినా, రచయితలు అప్పును కొలిచారా, భద్రతను కొలిచారా అని ముందుగా చూస్తున్నాను.

యాభై ఏళ్ల కిందటి పుస్తకాలను చేర్చవచ్చా? వాటిని ఈనాటి ప్రమాణాలతో కొలవాలా?

చేర్చాలి. బ్రిటిష్ వాస్తుశిల్పి జాన్ టర్నర్‌ను వదిలేసి 'ఉన్నచోటే మెరుగుదల' చర్చ చేయలేం. ఆయన 1957 నుంచి 1965 వరకు పెరూలో పనిచేసి, 1976లో పుస్తకం రాశారు. ఇల్లు ఎలా ఉందన్నది కాదు, అందులో ఉండేవారికి ఏం చేసిపెడుతోందన్నది చూడాలని వాదించారు. ఈనాటి కొలతల్లో ఆయన ఆధారం పలచన: ఎంచుకున్న కొద్ది కుటుంబాల కథలు, పోల్చడానికి మరో వైపు లేదు. ఆ లోపాన్ని ఒక వాక్యంలో చెప్పి, మిగతా వ్యాఖ్యను ఆ ఆలోచన తర్వాత ఏమైందన్నదానికి కేటాయించండి. పేదలే కట్టుకుంటారన్న మాట ప్రభుత్వం చేతులు దులుపుకోవడానికి దారి ఇస్తుందని రాడ్ బర్జెస్ 1978లోనే మార్క్సిస్టు దృక్పథం నుంచి గట్టిగా విమర్శించాడు. టర్నర్ పక్కన బర్జెస్ లేని గ్రంథసూచి నాకు అసంపూర్ణంగా కనిపిస్తుంది.

పెద్ద పెద్ద ఆచార్యులు రాసినవాటి మీద నేను తీర్పు చెప్పడం సబబేనా?

మీరు తీర్పు చెప్పేది ఆచార్యుడి మీద కాదు, ఒక ఆధారం మీ ప్రశ్నకు సరిపోతుందా అన్నదాని మీద. మీ ప్రశ్న మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అలాగని లోపాల కోసమే వెతకకండి. బలం ఎక్కడుందో పేరు పెట్టి చెప్పడం కూడా బేరీజే, నిజానికి అదే కష్టం. "అద్భుతమైన అధ్యయనం" అనడం తేలిక. "తరలించిన కుటుంబాలను మళ్లీ వెతికి పట్టుకుంది, వెళ్లిపోయినవారిని కూడా లెక్కలో చూపింది" అనాలంటే చదవాలి.

వ్యాఖ్య నిడివి ఎంత? మూలాలను ఏ వరుసలో పెట్టాలి? కంప్యూటర్‌లో ఎలా ఉంచుకోవాలి?

నూట యాభై మాటలు సరిపోతాయి. ముఖ్యమైన నాలుగైదు మూలాలకు రెండు వందలు దాటినా పర్వాలేదు. అన్నిటికీ సమానంగా ఇస్తే అన్నీ సమానమని చెప్పినట్టవుతుంది. వరుస మీ విభాగం అడిగిన పద్ధతిలో ఉండాలి. స్వేచ్ఛ ఉంటే అక్షరక్రమం వదిలి ప్రశ్నలవారీగా పెట్టండి: లెక్కింపు, తరలింపు, మెరుగుదల, పట్టా.

Zotero వాడేవారికి ఒక చిన్న సంగతి. వ్యాఖ్యను విడి Note‌గా రాస్తే అది గ్రంథసూచిలో అచ్చుకాదు. Extra గడిలో రాసి, పేరులో annotated bibliography అని ఉన్న శైలుల్లో ఆ గడిని చూపేదాన్ని ఎంచుకోండి. రెండు మూలాలతో ముందుగా పరీక్షించి చూడండి, ఇరవై పూర్తయ్యాక కాదు.

ప్రభుత్వ నివేదికలు, జీవోలు, ఆడిట్ నివేదికలు గ్రంథసూచిలో పెట్టవచ్చా?

పెట్టకపోతేనే లోపం. విధానం పుట్టేది వాటిలోనే. కాకపోతే ఒక్కో రకం కాగితాన్ని ఒక్కో విధంగా చదవాలి.

శాఖల ప్రగతి నివేదికల్లో ఇళ్ల సంఖ్య నాలుగు మెట్లలో ఉంటుంది: మంజూరైనవి, పని మొదలైనవి, పూర్తయినవి, జనం చేరినవి. పత్రికా ప్రకటనలో సాధారణంగా మొదటి మెట్టు కనిపిస్తుంది, పేదవాడికి పనికొచ్చేది నాలుగోది. ఒక మూలం ఏ మెట్టు అంకెను వాడిందో మీ వ్యాఖ్యలో తప్పకుండా రాయండి. నేను చూసిన ఒక ప్రబంధంలో మంజూరైన ఇళ్లను కట్టిన ఇళ్లుగా తీసుకుని రెండు అధ్యాయాలు నడిపారు. పరీక్షకుడు మొదటి పట్టిక దగ్గరే ఆగిపోయారు. 2005 డిసెంబరులో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ మిషన్ గురించి రాసేటప్పుడు, శాఖ నివేదిక పక్కన 2012–13 కాగ్ పనితీరు ఆడిట్ నివేదికను పెట్టి చదవండి. ఆడిట్ బలం దస్త్రాలను పట్టుకుని, ఎంపిక చేసిన చోట్లకు వెళ్లి చూడడం. దాని పరిమితి, పథకం పెట్టుకున్న లక్ష్యంతోనే పథకాన్ని కొలవడం. లక్ష్యమే తప్పయితే ఆడిట్‌కు అది కనిపించదు. ఆ పని చేసేది బస్తీలో కూర్చుని రాసిన అధ్యయనాలు.

జీవోకు వ్యాఖ్య రాసేటప్పుడు అందులో రాసిన హామీని సారాంశంగా ఇచ్చి వదిలేయకండి. దాని తర్వాత సవరణ జీవో వచ్చిందా, నిధుల విడుదల ఉత్తర్వు వచ్చిందా, ఎవరైనా హైకోర్టుకు వెళ్లారా అని చూడండి. లబ్ధిదారు నిర్వచనంలో 'కటాఫ్ తేదీ' ఎక్కడుందో వెతకండి. ఫలానా తేదీకి ముందు నుంచి ఆ బస్తీలో ఉన్నట్టు రేషన్ కార్డో, కరెంటు బిల్లో చూపాలన్న ఒక్క పంక్తి ఎవరిని లోపల ఉంచిందో, ఎవరిని వీధిలో నిలబెట్టిందో చెప్పగలిగితే, ఆ జీవో కింద మీరు రాయాల్సిన వ్యాఖ్య దాదాపు పూర్తయినట్టే.